కొత్త అద్దాలు కళ్లను లాగుతుంటే పవర్‌తో పాటు పీడీ కూడా చూడాలి

కొత్త కళ్లజోడు వచ్చాక కొందరికి ఒక వింత ఇబ్బంది మొదలవుతుంది. అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి. చార్టులో కింది వరుస కూడా తడుముకోకుండా చదవగలుగుతారు. అయినా గంటా రెండు గంటలు పెట్టుకునేసరికి కనుబొమల మధ్య బరువుగా ఉంటుంది, కళ్లను ఎవరో పక్కలకు లాగుతున్నట్టు అనిపిస్తుంది, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. అద్దాలు తీసేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. షాపులో అడిగితే "కొత్త కదా, నాలుగు రోజులు పెట్టుకోండి, అలవాటైపోతుంది" అంటారు. పవర్ బాగా మారినప్పుడో, ఫ్రేమ్ ఆకారం మారినప్పుడో అది నిజమే. అయితే వారం పది రోజులు దాటినా తగ్గకపోతే, పవర్ మళ్లీ టెస్ట్ చేయించినా సరిగ్గానే ఉందంటే, అప్పుడు చూడాల్సింది లెన్సు ఎంత పవర్ అన్నది కాదు, ఆ లెన్సు మధ్యభాగం కంటికి సరిగ్గా ఎదురుగా ఉందా లేదా అన్నది. దాన్ని తేల్చే అంకె పేరే పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం.

కర్నూలులోనైనా, కడపలోనైనా, అనంతపురంలోనైనా కంటి డాక్టరు రాసిచ్చే చీటీలో పవర్ ఉంటుంది, సిలిండర్ ఉంటుంది, యాక్సిస్ ఉంటుంది. పీడీ గడి మాత్రం చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. అది డాక్టరు మరిచిపోయి కాదు. ఆ కొలత అద్దాలు బిగించేవారు తీసుకోవాలనేది మామూలు పద్ధతి. షాపులో తీసుకుంటే ఇబ్బంది లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవారికి మాత్రం ఆ గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. షాపులో కూడా రద్దీ రోజున కొలవకుండా ఒక అంకె వేసేసే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లలో ఈ దూరం ఎక్కువగా 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సగటున ఆడవాళ్లకు 62, మగవాళ్లకు 64 దగ్గర. ఈ సగటు అంకెలే చిక్కు తెచ్చేది. "అందరికీ 63, 64 పెడితే సరిపోతుందిలే" అనే ధోరణి వీటి నుంచే పుడుతుంది. సగటుకు దగ్గరగా ఉన్నవారికి సరిపోతుంది. 57 ఉన్నవారికో, 70 ఉన్నవారికో సరిపోదు. అది కూడా అందరికీ ఒకేలా నష్టం చేయదు. ఎవరికి ఎంత నష్టం అన్నది పవర్‌ను బట్టి ఉంటుంది. ఈ విషయంలో అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది అదే.

బడిలో చదివిన పట్టకం గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా ఉన్న గాజు ముక్కలోంచి వెలుగు పోతే మందంగా ఉన్న వైపుకు వంగుతుంది. మైనస్ లెన్సు మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. సరిగ్గా మధ్యలోంచి చూస్తే వెలుగు వంగకుండా నేరుగా వస్తుంది. ఆ మధ్యబిందువునే ఆప్టికల్ సెంటర్ అంటారు. దానికి పక్కగా చూశామంటే లెన్సుతో పాటు ఒక పట్టకంలోంచి కూడా చూస్తున్నట్టే లెక్క. సెంటర్ నుంచి ఎంత పక్కకు జరిగితే, పవర్ ఎంత ఎక్కువైతే, ఆ పట్టకం అంత బలంగా పనిచేస్తుంది. దీన్ని ప్రెంటిస్ సూత్రం అంటారు. చార్లెస్ ప్రెంటిస్ అనే అమెరికన్ నిపుణుడు 1890లో పట్టకం బలాన్ని కొలవడానికి ప్రిజం డయాప్టర్ అనే కొలమానాన్ని ప్రతిపాదించాడు. ఒక మీటరు దూరంలో ఉన్న వస్తువును ఒక సెంటీమీటరు పక్కకు జరిపి చూపిస్తే అది ఒక ప్రిజం డయాప్టర్. లెక్క కూడా చాలా సులువు. సెంటర్ ఎంత జరిగిందో సెంటీమీటర్లలో రాసి, దాన్ని పవర్‌తో గుణిస్తే చాలు.

ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం. అనంతపురంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. రెండు కళ్లకూ మైనస్ 5.5 పవర్, సిలిండర్ లేదు. పీడీ 60. ఆమె ఎంచుకున్న ఫ్రేమ్ కాడ లోపలివైపు 48-18-140 అని ఉంది. ఇందులో 48 ఒక్కో లెన్సు వెడల్పు, 18 ముక్కు మీది వంతెన వెడల్పు, 140 చెవి మీదికి వెళ్లే కాడ పొడవు. మొదటి రెండూ కలిపితే 66. ఫ్రేమ్‌లో ఒక లెన్సు నడిమి నుంచి ఇంకో లెన్సు నడిమికి ఉండే దూరం అది. బిగించేవారు లెన్సు సెంటర్‌ను ఫ్రేమ్ గడి నడిమధ్యలో పెట్టేశారంటే, రెండు సెంటర్ల మధ్య 66 మిల్లీమీటర్లు వస్తుంది. ఆమె కళ్ల మధ్య దూరం 60. తేడా 6, అంటే ఒక్కో కంటికి 3 మిల్లీమీటర్లు, సెంటీమీటర్లలో 0.3.

0.3 × 5.5 = 1.65. రెండు కళ్లకూ కలిపి 3.3 ప్రిజం డయాప్టర్లు.

సరిగ్గా చేయాలంటే ఒక్కో లెన్సు సెంటర్‌ను ఫ్రేమ్ నడిమి నుంచి ముక్కువైపుకు 3 మిల్లీమీటర్లు జరిపి కోయాలి. ఈ జరపడం బిగించేవారికి రోజూ చేసే పనే. పీడీ అంకె చేతిలో ఉంటేనే ఎంత జరపాలో తెలుస్తుంది. ఇప్పుడు ఫ్యాషన్‌లో ఉన్న పెద్ద ఫ్రేములకు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అదే అమ్మాయి 54-18 ఫ్రేమ్ తీసుకుంటే ఫ్రేమ్ నడిమి దూరం 72 అవుతుంది, ఒక్కో వైపు 6 మిల్లీమీటర్లు జరపాలి. కొన్నిసార్లు అంత జరిపేందుకు లెన్సు బిళ్ల వెడల్పే చాలదు. ఎక్కువ మైనస్ ఉన్నవారు ముఖానికి తగ్గ చిన్న ఫ్రేమ్ ఎంచుకోవడం మంచిదని చెప్పడానికి లెన్సు మందం ఒక్కటే కారణం కాదు, ఇదీ ఒక కారణమే.

ఈ తేడా ఎంత పెద్దది? అద్దాల విషయంలో అమెరికాలో పాటించే ఆన్సీ ప్రమాణం ఇంత పవర్ ఉన్న మామూలు లెన్సులకు పీడీలో మొత్తం మీద 2.5 మిల్లీమీటర్లకు మించి తేడాను ఒప్పుకోదు. ఇక్కడ 6 వచ్చింది. అదే అమ్మాయికి పవర్ మైనస్ 1 మాత్రమే అయి ఉంటే ఇదే 6 మిల్లీమీటర్ల పొరపాటుకు రెండు కళ్లకూ కలిపి 0.6 మాత్రమే వచ్చేది. ఆమెకు తేడానే తెలిసేది కాదు. ఒకే పొరపాటు ఒకరికి తలనొప్పి, పక్కవారికి ఏమీ కాదు అంటే కారణం ఇదే. పవర్ మూడు దాటిన ఎవరైనా పీడీని పట్టించుకోవాలి. ఒకటి లోపు ఉన్నవారు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయిందని టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. తేడా ఎంత అన్నదే కాదు, ఎటువైపు అన్నది కూడా ముఖ్యం. మైనస్ లెన్సుల సెంటర్లు కళ్లకంటే దూరంగా పడితే, కళ్లు సెంటర్‌కు ముక్కువైపున్న భాగంలోంచి చూస్తాయి. మైనస్ లెన్సులో మందం అంచువైపు పెరుగుతుంది కాబట్టి పట్టకం మందపు వైపు ముక్కు దగ్గరికి వస్తుంది. అప్పుడు దూరంగా ఉన్న వస్తువు ఒక్కటిగా కనిపించాలంటే రెండు కళ్లూ బయటివైపుకు తిరగాలి. మన కళ్లు లోపలికి తిరగడంలో దిట్టలు, ఫోన్ చూసేటప్పుడు రోజంతా చేసేది అదే. బయటికి తిరిగే శక్తి మాత్రం చాలా తక్కువ. అందుకే ఆ అమ్మాయికి పుస్తకం చదివేటప్పుడు, ఫోన్ చూసేటప్పుడు హాయిగానే ఉంటుంది, బస్టాండులో దూరం నుంచి బస్సు బోర్డు చూసినప్పుడు, క్లాసులో వెనక బెంచీ నుంచి బోర్డు చూసినప్పుడు కళ్లు లాగుతాయి. ఈ గుర్తు తెలిస్తే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే. ప్లస్ లెన్సుల్లో ఇది తిరగబడుతుంది. అక్కడ సెంటర్లు దూరంగా పడితే కళ్లు లోపలికి తిరగాలి, అది కాస్త తట్టుకోగలిగిందే. ప్లస్‌కు సెంటర్లు మరీ దగ్గరైతే కష్టం. కాబట్టి కొలతలో అర మిల్లీమీటరు ఎటూ తేలకపోతే మైనస్ ఉన్నవారు తక్కువ అంకెవైపు, ప్లస్ ఉన్నవారు ఎక్కువ అంకెవైపు మొగ్గడం మేలు.

ఇబ్బంది పీడీ వల్లనా, పవర్ వల్లనా అని ఇంట్లోనే ఒక మాదిరిగా తేల్చుకోవచ్చు. అద్దాలు పెట్టుకుని దూరంగా ఉన్నదేదైనా చూస్తూ ఒక కన్నును అరచేత్తో కాసేపు మూసి ఉంచాలి. లాగడం తగ్గిపోతే, రెండు కళ్లూ కలిసి పనిచేసే చోట చిక్కు ఉందన్నమాట, పీడీని అనుమానించాలి. ఒక కన్ను మూసినా తెరిచిన కంటికి మసకగానే ఉంటే పవర్‌నే అనుమానించాలి. రెండు కళ్ల సమన్వయంలో ముందునుంచే లోపం ఉన్నవారికీ మొదటి ఫలితమే వస్తుంది కాబట్టి దీన్ని చివరి తీర్పుగా తీసుకోకూడదు. ఎక్కడ వెతకాలో మాత్రం ఇది చెబుతుంది.

ఇక కొలవడం. ఇంట్లో కొలిచినప్పుడు తప్పు ఎక్కువగా స్కేలు వల్ల రాదు, కళ్లు ఎక్కడ చూస్తున్నాయన్న దానివల్ల వస్తుంది. కడపలో మేడ మీద నిలబడి పాలకొండలకేసి చూస్తున్నప్పుడు రెండు కళ్ల చూపులూ సమాంతరంగా ఉంటాయి. ఎదురుగా మూరెడు దూరంలో ఉన్న మనిషి ముక్కును చూస్తే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి. అప్పుడు ముక్కు మీద పెట్టిన స్కేలు దగ్గర కొలత 3 నుంచి 4 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. అది తప్పు కొలత కాదు, దగ్గరి చూపు పీడీ. చదవడానికి మాత్రమే వాడే అద్దాలకు కావాల్సింది అదే. అయితే రోజంతా పెట్టుకునే దూరపు అద్దాలకు దాన్ని ఇస్తే తేడా వచ్చేస్తుంది. ఇంటి కొలతలు ఎక్కువగా తక్కువ వైపుకే తప్పుతాయంటే కారణం ఇదే.

ఈ తప్పును తప్పించే పద్ధతి ఆప్టీషియన్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. ఇద్దరు మనుషులు, మిల్లీమీటర్ గీతలు సన్నగా, స్పష్టంగా ఉన్న ఒక స్కేలు ఉంటే చాలు. టైలర్ టేపు వద్దు, అది సాగుతుంది, వంగుతుంది. పగటి వెలుగులో, నేరుగా ఎండ కళ్లలో పడకుండా వసారాలోనో, కిటికీ దగ్గరో ఎదురెదురుగా కూర్చోవాలి. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి, మధ్యలో 40 సెంటీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ. కొలిపించుకునేవారు అద్దాలు తీసేయాలి. స్కేలును కళ్లజోడు ఆనే చోట, ముక్కు మీద ఆనించి అడ్డంగా, ఒరగకుండా పట్టుకోవాలి. చేతివేళ్లు వాళ్ల కణతలకు ఆనించి పెడితే స్కేలు కదలదు.

కనుపాపల నడిమి నుంచి కొలవాలని అంతటా రాసి ఉంటుంది. మన వాళ్ల కళ్లు ఎక్కువగా ముదురు గోధుమ రంగులోనో, నల్లగానో ఉంటాయి కాబట్టి కనుపాప ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేరుగా తెలియదు. దాని బదులు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచును పట్టుకోవాలి. ఆ గీత ఎవరి కంటిలోనైనా స్పష్టంగా ఉంటుంది. ఒక కంటిలో ఏ వైపు అంచు తీసుకుంటే రెండో కంటిలోనూ అదే వైపు అంచు తీసుకోవాలి. కొలిచేవారి వైపు నుంచి రెండు కళ్లలోనూ ఎడమ అంచు అని గుర్తు పెట్టుకుంటే పొరపాటు జరగదు. రెండు నల్లగుడ్లూ ఒకే వెడల్పు కాబట్టి అంచు నుంచి అంచుకు ఉన్న దూరం, నడిమి నుంచి నడిమికి ఉన్న దూరం ఒకటే అవుతాయి.

ఇప్పుడు కొలిచేవారు తమ కుడికన్ను మూసి, "నా ఎడమ కన్ను చూడు" అని చెప్పాలి. ఎదుటివారు ఆ తెరిచిన కన్నునే చూస్తూ ఉండగా, తమకు ఎడమవైపున కనిపించే కంటి ఎడమ అంచుకు స్కేలు మీది ఒక సెంటీమీటరు గీతను సరిగ్గా కలపాలి. సున్నా గీత దగ్గర మొదలుపెట్టకపోవడం మేలు, చాలా ప్లాస్టిక్ స్కేళ్లకు ఆ అంచు అరిగి ఉంటుంది. స్కేలు కదపకుండా, తల కదపకుండా, కొలిచేవారు ఇప్పుడు ఎడమకన్ను మూసి కుడికన్ను తెరిచి, "ఇప్పుడు ఈ కన్ను చూడు" అనాలి. రెండో కంటి ఎడమ అంచు ఏ గీత మీద ఉందో చదవాలి. 70 మిల్లీమీటర్ల గీత మీద ఉంటే, మొదలు 10 దగ్గర పెట్టాం కాబట్టి పీడీ 60.

రెండు కళ్లనూ మార్చి మార్చి మూయడం వెనక ఉన్న తెలివి ఇదీ. ఎదుటివారి కుడికన్ను కొలిచేవారి ఎడమకన్నుకు ఎదురుగా, వారి ఎడమకన్ను కుడికన్నుకు ఎదురుగా ఉంటుంది. అలా ఒక్కో కన్ను తనకు ఎదురుగా ఉన్న కన్నునే చూస్తుంది కాబట్టి రెండు చూపులూ దాదాపు సమాంతరంగా ఉంటాయి, కొండను చూస్తున్నట్టే. కొలిచేవారి పీడీ వేరుగా ఉంటే ఎలా అన్న సందేహం రావచ్చు. ఇద్దరి పీడీలకూ 4 మిల్లీమీటర్ల తేడా ఉన్నా కొలతలో వచ్చే తప్పు పావు మిల్లీమీటరు దాకానే ఉంటుంది. స్కేలు మీద అది కనిపించదు కూడా. ఎక్కువ చెడగొట్టేది తల కదలడం. అందుకే ఒక్కసారి కొలిచి ఆపకూడదు. మన ఉదాహరణలోని అమ్మాయికి వాళ్ల అన్న ఐదుసార్లు కొలిస్తే 60, 60.5, 59.5, 60, 63 వచ్చాయనుకుందాం. 63 వచ్చినప్పుడు స్కేలు జారింది, లేదంటే తల కదిలింది. దాన్ని పక్కన పెడితే మిగతావి 60 చుట్టూ అర మిల్లీమీటరులో ఉన్నాయి. ఇలా వస్తే ఆ అంకెను నమ్మవచ్చు. ఐదూ ఐదు రకాలుగా, 58 నుంచి 63 దాకా చెదిరిపోతే సగటు తీసి సరిపెట్టుకోకూడదు. కూర్చున్న తీరు, వెలుగు సరిచేసుకుని మళ్లీ కొలవాలి.

ఒంటరిగా ఉన్నవారు అద్దం ముందు కొలుచుకోవచ్చు. ఇక్కడ ఒక అందమైన సంగతి ఉంది. ఒక కన్ను మూసి, తెరిచిన కంటితో అద్దంలో అదే కన్నును చూసుకుంటే చూపు అద్దానికి నిలువుగా, నేరుగా వెళ్తుంది. రెండో కన్నుకూ అంతే. కాబట్టి అద్దం దగ్గరగా ఉన్నా రెండు చూపులూ సమాంతరమే అవుతాయి, దూరపు పీడీ వచ్చేస్తుంది. స్కేలును ముక్కు మీద ఆనించి, ఎడమకన్ను మూసి కుడికంటి ప్రతిబింబాన్ని చూస్తూ ఒక సెంటీమీటరు గీతను కలపాలి. తర్వాత కుడికన్ను మూసి ఎడమకంటితో ఎడమకన్నునే చూస్తూ చదవాలి. అద్దంలో అంకెలు తిరగబడి ఉంటాయి కాబట్టి గీతలు లెక్కపెట్టుకోవడమే మంచిది.

ఈ పద్ధతి ఎక్కువ పవర్ ఉన్నవారికి అంతగా పనికిరాదు. అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడితే మన ప్రతిబింబం 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. మైనస్ 5.5 ఉన్న కన్ను అద్దాలు లేకుండా స్పష్టంగా చూడగలిగేది 18 సెంటీమీటర్ల దాకా మాత్రమే. మిల్లీమీటర్ గీతలు మసకబారి కలిసిపోతాయి. అద్దాలు పెట్టుకుని కొలుద్దామంటే అవి తెచ్చే పక్కజరుగుడు కూడా కొలతలో కలిసిపోతుంది. పీడీ ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అద్దం పద్ధతి కుదరదు. అలాంటివారు ఇంకొకరి సాయం తీసుకోవాల్సిందే. ఇద్దరి పద్ధతిలో స్కేలు చదవాల్సింది కొలిచేవారు కాబట్టి, కొలిపించుకునేవారికి ఎదుటి కన్ను మసకగా కనిపించినా ఫరవాలేదు, అటు చూస్తే చాలు.

ఈ మధ్య నుదుటి మీద ఏటీఎం కార్డు పెట్టుకుని సెల్ఫీ తీసి పీడీ లెక్కవేసే యాప్‌లు వచ్చాయి. కార్డు వెడల్పు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే, ఆధార్ పీవీసీ కార్డుదీ అదే సైజు. కాబట్టి ఆలోచన సరైనదే. సెల్ఫీ దూరమే దీన్ని పాడుచేస్తుంది. ఫోన్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కళ్లు లోపలికి తిరిగి కనుపాపల మధ్య దూరం ఒకటిన్నర మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. కార్డు కనుపాపల కంటే ఒక సెంటీమీటరు ముందుకు ఉంటే అది కాస్త పెద్దదిగా పడి, లెక్కలో ఇంకో ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గుతుంది. రెండూ ఒకేవైపుకు లాగుతాయి కాబట్టి మొత్తం 3 దాకా పోతుంది. కొన్ని యాప్‌లు దీన్ని లెక్కలో సరిచేస్తాయి, కొన్ని చేయవు. యాప్ ఏదైనా ఇంకొకరితో, ఫోన్ వెనక కెమెరాతో, రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయిస్తే ఈ తప్పులు రెండూ కలిపి అర మిల్లీమీటరు చుట్టుపక్కలకు తగ్గిపోతాయి. అయితే సెల్ఫీ దూరానికి తగ్గట్టు సరిచేసే యాప్‌లో ఈ దూరపు ఫోటో పెట్టకూడదు. గ్యాలరీలో ఫోటో పెద్దది చేసి, మామూలు స్కేలుతో కార్డునూ కళ్లనూ కొలిచి నిష్పత్తి వేసుకోవడం మేలు.

ఆర్డర్ గడిలో కొన్నిచోట్ల ఒక అంకె అడుగుతారు, కొన్నిచోట్ల రెండు. రెండు అడిగితే ముక్కు నడిమి నుంచి కుడికంటికి ఎంత, ఎడమకంటికి ఎంత అని అర్థం. ముక్కు సరిగ్గా నడిమధ్యలో ఉండేవారు తక్కువ. 60లో 29, 31 అని రావడం మామూలే. అయితే ఒకే పవర్‌తో ఉండే సాదా లెన్సులకు, రెండు కళ్ల పవర్‌లూ దగ్గరగా ఉంటే, ఇందులో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా భయం లేదు. మొత్తం 60 సరిగ్గా ఉండి రెండు సెంటర్లూ ఒకే పక్కకు ఒక మిల్లీమీటరు జరిగితే, రెండు కళ్లకూ దృశ్యం ఒకే పక్కకు జరుగుతుంది. కళ్లు రెండూ కలిసి అటు తిరుగుతాయి, వాటి మధ్య పేచీ ఉండదు. ఇంట్లో కొలిచినప్పుడు ముక్కు నడిమిని పట్టుకోవడమే కష్టం, అందుకే మొత్తం అంకె మీదనే శ్రద్ధ పెట్టడం మంచిది. ప్రోగ్రెసివ్ లెన్సులకు మాత్రం ఈ సౌకర్యం లేదు. వాటిలో దూరం నుంచి దగ్గరికి దిగే సన్నటి దారి ఒక్కో కంటికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, పైగా ముఖం మీద పెట్టిన ఆ ఫ్రేమ్‌లోనే కంటి ఎత్తు కూడా కొలవాలి. ఇంట్లో స్కేలుతో ఆ పని అయ్యేది కాదు. చత్వారానికి ప్రోగ్రెసివ్ వేయించుకునేవారు ఫ్రేమ్ పెట్టి కొలిచే షాపుకే వెళ్లాలి. మెల్లకన్ను ఉన్నవారి కొలత కూడా కంటి డాక్టరు దగ్గరే తీయించుకోవాలి.

పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2019 అక్టోబరు 10న వైఎస్సార్ కంటి వెలుగు అనంతపురంలోనే మొదలైంది, తొలి విడతలో బడిపిల్లలకే పరీక్షలు చేశారు. అప్పుడు ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి అద్దాలు పెట్టుకున్న పిల్లలు ఇప్పుడు టీనేజీలో ఉన్నారు. ముఖంతో పాటు పీడీ కూడా కొన్ని మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది. కొత్తవి చేయించేటప్పుడు "పాత అద్దాల కొలతే వేసేయండి" అనడం పెద్దవాళ్లకు చెల్లుతుంది, ఎదిగే పిల్లలకు చెల్లదు. పవర్ మార్చిన ప్రతిసారీ పీడీ మళ్లీ కొలవాలి. పెద్దవాళ్లు కూడా పాత జోడు కొలత వాడే ముందు ఆ జోడు కళ్లకు హాయిగా ఉండేదా అని ఆలోచించుకోవాలి.

కొత్త కళ్లజోడు చేతికి వచ్చాక సెంటర్లు ఎక్కడ ఉన్నాయో కూడా ఇంట్లో చూడవచ్చు. తలుపు ద్వారబంధం లాంటి నిలువు అంచుకు కొన్ని అడుగుల దూరంలో నిలబడి, కళ్లజోడును చేయి చాచి ఎదురుగా, అడ్డంగా పట్టుకోవాలి. ఒక కన్ను మూసి ఒక లెన్సులోంచి ఆ అంచును చూడాలి. లెన్సు లోపల కనిపించే గీత, లెన్సు పైనా కిందా కనిపించే గీతతో కలవకుండా విరిగినట్టు ఉంటుంది. కళ్లజోడును నెమ్మదిగా పక్కకు జరిపితే ఒక చోట విరుపు పోయి గీత మొత్తం ఒక్కటవుతుంది. గీత ఆ లెన్సును దాటే చోటే సెంటర్ ఉంది. పక్కనున్నవారితో అక్కడ స్కెచ్‌పెన్‌తో చిన్న చుక్క పెట్టించి, రెండో లెన్సుకూ అలాగే చేసి, రెండు చుక్కల మధ్య దూరం కొలవాలి. పవర్ ఎక్కువగా ఉంటే విరుపు స్పష్టంగా కనిపిస్తుంది, సెంటర్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా దొరుకుతుంది. పవర్ తక్కువైతే సెంటర్ సరిగ్గా దొరకదు, అప్పుడు దాని అవసరమూ అంతగా ఉండదు. సిలిండర్ ఎక్కువ ఉన్న లెన్సులో గీత ఒరిగిపోయి కనిపిస్తుంది కాబట్టి ఈ పద్ధతిని నమ్మకూడదు. ఏ ఆప్టికల్స్ షాపులోనైనా లెన్సోమీటర్ మీద పెట్టి చుక్కలు వేయమంటే నిమిషంలో వేసిస్తారు.

మన అమ్మాయి జోడులో చుక్కల మధ్య 66 వచ్చింది, అన్న కొలిచిన పీడీ 60. ఈ రెండు అంకెలూ చీటీ వెనక రాసుకుని, చుక్కలు తుడవకుండా షాపుకు వెళ్తే వాదన అవసరం ఉండదు. బిగించేవారు తమ దగ్గరున్న పీడీ మీటర్‌తో ఆమె కళ్లు కొలుస్తారు, లెన్సోమీటర్‌తో జోడు కొలుస్తారు. ఆరు మిల్లీమీటర్ల తేడా వాళ్లకే కనిపిస్తుంది. కోసిన లెన్సును జరిపి సరిచేయడం కుదరదు, కొత్త లెన్సులు వేయాల్సిందే. ఫ్రేమ్ మాత్రం అదే వాడవచ్చు.